పేల మందు

గిలకలదిండిలో ఎండుచేపలు అమ్ముకునే గంగాదేవికి రెండు పేర్లుండేవి. ఒకటి వేలంపాట దగ్గర ఆమె నోటికి జడిసినవాళ్లు పెట్టింది, అది రాయదగ్గది కాదు. రెండోది పేల గంగమ్మ. పేటలో ఏ ఆడపిల్ల తల గోక్కున్నా తల్లి రెక్కపట్టుకుని తెచ్చి గంగాదేవి అరుగు మీద కూలేసేది.

ఆవిడ మందు సీతాఫలం గింజలు. వాటిని ఎండబెట్టి, రోట్లో మెత్తగా దంచి, కొబ్బరినూనెలో కలిపి తలకు పట్టించేది. నుదుటి చుట్టూ తువ్వాలు బిగించేది. కడిగేటప్పుడు పిల్ల తల వెనక్కి వాల్చి, "కళ్లు మూసుకోవే. ఇది కంట్లో పడితే కన్నుండదు" అని గదమాయించేది. ఇన్నేళ్లలో ఎవరికీ ఏమీ కాలేదు. కానంతకాలం అందరం వైద్యులమే.

ఆ ఆదివారం మనవరాలు రమ్య వంతు. కొడుకు సత్తయ్య వేటకు వెళ్లాడు, కోడలు కనకమహాలక్ష్మి రొయ్యల షెడ్డుకు వెళ్లింది. మందు పట్టించి తువ్వాలు కట్టేసరికి హార్బర్ వైపునుంచి బోటు వచ్చిందని కేక. ఆ కేక వింటే ఆ పేటలో పొయ్యి మీద ఎసరైనా వదిలేసి పరుగెత్తాలి, లేకపోతే ఎండబెట్టుకోవడానికి రొయ్యపొట్టు కూడా దొరకదు.

"నేనొచ్చేదాకా తల ముట్టుకోకు. ఆ సీతాఫలాలు తింటా కూర్చో" అని గంగాదేవి బుట్ట ఎత్తుకుంది.

రమ్య కూర్చుంది, పళ్లూ తింది. ఎండకు చెమట పట్టి, తువ్వాలు కిందనుంచి నూనె ఎడమ కంట్లోకి దిగింది. మంట పుట్టి నలుపుకుంది. ఆ చేతికీ నూనే. దాని కేకలకు పక్కింటి అనసూయ పరుగెత్తుకొచ్చి, చుట్టూ సీతాఫలం తొక్కలు చూసి, "గింజ మింగావా?" అంది. పిల్ల ఏడుస్తూనే తలూపింది. నిజంగానే ఒకటి మింగింది మరి.

"అమ్మో, గింజ విషం!" అని అనసూయ ఉప్పునీళ్లు తాగించి, పిల్ల డోక్కునేదాకా వదల్లేదు.

గంగాదేవి తిరిగొచ్చి తువ్వాలు చూసింది, కన్ను చూసింది. ఆవిడకు అర్థమైపోయింది. ఒక్క మాట చెబితే సరిపోయేది. కానీ ఊరి పిల్లలందరి తలలూ నమ్మి అప్పగించిన చెయ్యి అది, ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. పిల్లను దొడ్లోకి తీసుకెళ్లి తల కడిగి, కంట్లో రెండు చెంబులు పోసింది. పిల్ల గింజుకుంటే మానేసింది.

సాయంత్రం కోడలు వచ్చి, "కళ్లేంటి అత్తా ఇలా ఎర్రబడ్డాయి?" అనడిగింది.

"కక్కి కక్కి అలా అయ్యాయిలే. తగ్గుద్ది" అంది గంగాదేవి.

తగ్గలేదు. వెలుతురు చూస్తే పిల్ల అరిచేది. అనసూయ ఎవరో బాలింతనడిగి చనుబాలు తెచ్చి కంట్లో పిండింది. గంగాదేవి అదీ చూస్తూ ఊరుకుంది. మూడోరోజుకు నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ లేచింది. అప్పుడు బందరులో కంటి ఆస్పత్రికి పరుగెత్తారు.

గింజ మింగిందని కనకమహాలక్ష్మి చెబుతుంటే డాక్టరమ్మ ఆపింది. "మింగిన గింజతో ఏం కాదమ్మా. పైన పెంకు గట్టిది, నమలకపోతే అలాగే బయటికి వచ్చేస్తుంది. చుట్టూ ఉన్న గుజ్జూ మంచిదే. విషమంతా లోపలి పప్పులో ఉంటుంది, నలిగితేనే ప్రమాదం. ఎవరైనా గింజలు నూరి తలకు రాశారా?"

గంగాదేవి నేల చూసింది. "నేనేనండి."

"ఆ పూటే బాగా నీళ్లు పోసి కడిగి తీసుకొచ్చుంటే చాలావరకు మానేదండీ. ఇప్పుడు పుండు పడి చీము పట్టింది. పుండు మాన్పుతాం. మచ్చ మాత్రం ఉండిపోవచ్చు."

కోడలు తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేదని గంగాదేవికి అనిపించింది. దారంతా కనకమహాలక్ష్మి పిల్లను తన ఒళ్లోనే పెట్టుకుంది, అత్త చెయ్యి చాపినా ఇవ్వలేదు. ఆమెది తప్పని ఎవరంటారు?

పుండు మానింది, మచ్చ మిగిలింది. పేటలో విషయం పొక్కాక అరుగు మీదికి ఎవరూ రాలేదు. గంగాదేవికి ఆ బాధ లేదు. ఆవిడ బాధంతా ఒక్కటే, ఆ కంటికి ఏమాత్రం ఆనుతోందోనని.

ఒకరోజు ఇంట్లో ఎవరూ లేకుండా చూసి పిల్లను గుమ్మంలో కూర్చోబెట్టింది. మంచి కన్ను అరచేత్తో మూసి, రెండో చెయ్యి ఎదురుగా పట్టి, "ఎన్ని వేళ్లమ్మా?" అంది. అంటూనే ముక్కు ఎగబీల్చింది.

రమ్య మొహం ముందుకు చాపింది.

"మూడు నాయనమ్మా. బాగానే కనపడుతుంది. నువ్వేడవకు."

గంగాదేవి పట్టింది మూసిన పిడికిలి.