నైట్రోజన్ చుట్టూ పది

ధార్వాడ కాలేజీలో సునంద హొసమని మొదటి సెమిస్టరు వాళ్లకు కెమిస్ట్రీ చెబుతూనే నడివయసు దాటింది. తను దిద్దిన పేపరును మళ్లీ చూడాల్సిన పని ఎప్పుడూ పడలేదు.

ఒక్క మార్కుతో తప్పిన నీలోఫర్ ముల్లా పేపరు పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చింది. ప్రశ్నలో ఇచ్చిన అణువు గీతల బొమ్మలో ఎస్టర్, నైట్రో గుంపులు రెంటినీ సరిగ్గానే గుర్తుపట్టింది. కానీ నైట్రోలో నైట్రోజన్‌కు ప్లస్, ఒక ఆక్సిజన్‌కు మైనస్ పెట్టింది. సునంద అది కొట్టేసి, రెండు ఆక్సిజన్లకూ జంట బంధాలు గీసింది.

"ఛార్జీలు లేకుండా కుదిరేదాన్ని ఎందుకు పాడుచేశావే?"

"మీ బొమ్మకు ఎలక్ట్రాన్ల చుక్కలు పెట్టి చూశాను మేడం. ఎక్కువొస్తున్నాయి."

"ఇటివ్వు, నేను పెడతా."

కార్బన్‌తో ఉన్న బంధానికి రెండు, జంట బంధాలకు నాలుగేసి చుక్కలు. మొత్తం పది. నైట్రోజన్ చుట్టూ ఎనిమిదికి మించి పట్టవని మొన్న క్లాసులో చెప్పింది తనే.

"ఏం సునందక్కా, పెన్ను ఆగిపోయింది?" అన్నాడు ఎదురు బల్ల కులకర్ణి.

"పెన్ను కాదప్పా, నేను."

సునంద ఈసారి పిల్ల గీసిన బొమ్మను లెక్కేసింది. నైట్రోజన్ సొంత ఎలక్ట్రాన్లు అయిదు, నాలుగు బంధాల్లో దాని వాటా నాలుగు. ప్లస్ ఒకటి. ఒంటి బంధపు ఆక్సిజన్‌కు సొంతం ఆరు, దగ్గరున్నవి ఏడు. మైనస్ ఒకటి. అన్నిటి చుట్టూ ఎనిమిదే.

తన బొమ్మలో ఛార్జీలన్నీ సున్నా వస్తున్నాయని ఇన్నేళ్లూ తను చుక్కలే లెక్కపెట్టలేదు. ఎంతమందికి ఇలాగే కొట్టేసిందో.

"మేడం, నేను పాసా?"

"పాసే. కూర్చో. ఆ పేపర్ల కట్ట విప్పు, మిగతావాళ్లవీ మళ్లీ చూడాలి."