లైసెన్సు దరఖాస్తు కింద బొటనవేలు

కొండరాతిని ఇసుకగానూ, ఇసుకను ధూళిగానూ మార్చుకుంటూ ఎవరి సెలవూ అడగకుండా సాగిపోయే కాలపురుషుడు, మున్సిపల్ ఆఫీసు ఎదుటి వీధిలో ఆరడుగుల కొట్టులో నలభై ఏళ్ళుగా కూర్చుని, ఊళ్ళోని ఆఫీసులన్నిటికీ రబ్బరు ముద్రలు చెక్కి ఇచ్చిన ఒక మనిషి కుడిచేతి దగ్గరికి వచ్చేసరికి మాత్రం ఎందుకో తొందరపడ్డాడు. ఆ చేతికి వణుకు పట్టుకుంది.

అందరూ ఆయన్ను ముద్రల మావయ్య అంటారు. చెక్కే పని ఇప్పుడు యంత్రానిది. యంత్రం దగ్గర కూర్చునేది భార్య. లైసెన్సు గడువు నెలాఖరుకు తీరిపోతుంది గనుక ఆయన చెబుతుంటే ఆవిడే దరఖాస్తు రాసింది.

"కమిషనర్ గారి దివ్యసముఖమునకు..."

"దివ్యసముఖం ఎందుకండీ, ఆయనేమైనా దేవుడా?"

"దేవుడైతే దరఖాస్తు అక్కర్లేదే! రాయి. విషయం: రబ్బరు ముద్రల దుకాణపు వ్యాపార లైసెన్సు పునరుద్ధరణ గురించి. అయ్యా, తమకు మనవి చేసుకొనునది ఏమనగా, నా లైసెన్సు గడువు ఈ నెలాఖరుతో ముగియుచున్నది. కావున రాబోవు సంవత్సరమునకు పునరుద్ధరించవలసినదిగా ప్రార్థన. జతపరచినవి: పాత లైసెన్సు నకలు, ఆస్తిపన్ను రసీదు, రుసుము కట్టిన రసీదు. ఇట్లు, తమ విధేయుడు."

విధేయుడి సంతకం, సిరాలో పడి లేచిన చీమ కాగితం మీద దారి వెతుక్కున్నట్టు వచ్చింది.

నాలుగు రోజులకు దరఖాస్తు తిరిగి వచ్చింది. మీద ఊదారంగు ముద్ర: 'సంతకము సరిపోలలేదు. తిప్పి పంపడమైనది.' మావయ్య ఆ అక్షరాలను చాలాసేపు చూశాడు. మొదటి అక్షరం తలకట్టు కుడివైపు కాస్త ఒరిగి ఉంది. పన్నెండేళ్ళ కిందట ఆ ముద్ర చెక్కుతుంటే తన ఉలి జారిన చోటది.

"చేసుకున్నవాడికి చేసుకున్నంత" అన్నాడు నీరసంగా.

మర్నాడే ఆఖరి పనిదినం. ఇద్దరూ ఆఫీసు మెట్లెక్కారు. లైసెన్సుల సీటులో ఉన్న గుమస్తా ఫైలు తెరిచి, పాత సంతకం పక్కన కొత్తది పెట్టింది.

"మీరెవరో నాకు తెలుసు బాబాయిగారూ. ఫైలుకు తెలియదుగా! రేపు ఆడిట్ వాళ్ళు నన్నడుగుతారు."

"పెట్టింది నేనేనమ్మా."

"కాదన్నానా? చెయ్యి సహకరించకపోతే ఎడమ బొటనవేలి ముద్ర వేయండి. ఇద్దరు సాక్షులు సంతకాలు చేస్తే చాలు. కానీ మూడింటిలోగా ఇచ్చేయండి. గడువు దాటితే కొత్త లైసెన్సుకు పెట్టుకోవాలి. రోడ్డు వెడల్పు చేస్తున్నారని ఈ వీధిలో కొత్తవి ఆపేశారు."

"వేలిముద్రా? నేనా?"

మావయ్య మెట్లు దిగి టీ కొట్టు బల్ల మీద కూలబడ్డాడు. వేలిముద్ర వేయడానికి ఆఫీసుకు వచ్చిన ఎందరినో ఆపి, చెయ్యి పట్టి సంతకం దిద్దించిన మనిషి ఆయన. కొట్టు మూసుకుపోతుందన్న బెంగ ఒక పక్క, ఆ వేలు ముందుకు రానివ్వని సిగ్గు ఒక పక్క. రెంటి నడుమ ఆయన ఒట్టి అలసటగా మిగిలాడు.

భార్య పక్కన కూర్చుంది. "ఏమండీ, నలభై ఏళ్ళు మనకు అన్నం పెట్టింది ఆ వేళ్ళే గానీ, మీ సంతకం కాదు కదా?"

ఆయన ఆ వేళ్ళను పిడికిట్లో దాచుకున్నాడు.

టీ కొట్టతను తుండుతో చేతులు తుడుచుకుంటూ వచ్చాడు. "ఏంటి మావయ్యా, నన్ను పదకొండు రోజులు పలక మీద దిద్దించావు. గాడిదకైనా ఈపాటికి వచ్చేదని తిట్టావు. ఆ గాడిద ఇవాళ సాక్షి సంతకం పెడతానంటోంది. అదీ ఇంటిపేరుతో సహా!"

"నీ ఇంటిపేరులో ఒత్తు మర్చిపోతావురా."

"అయితే దగ్గరుండి చూడు. నీకు సాక్షిగా నిలబడటానికి కాకపోతే ఆ సంతకం నాకెందుకు నేర్పావు?"

మావయ్య తలెత్తి అతని ముఖం చూశాడు. భార్యవైపు తిరిగి అన్నాడు: "మళ్ళీ రాయి. ఈసారి ఆ 'దివ్య' తీసెయ్. అంత ఓపిక లేదు."

తమ కొట్టు సిరాదిండే తెచ్చారు. ఎడమచేయి కూడా వణికితే, టీ కొట్టతను మణికట్టు పట్టుకున్నాడు. ఒకనాడు మావయ్య అతని చెయ్యి పట్టుకున్నంత గట్టిగానే. వేలు ఆనింది. గీతలన్నీ విడివిడిగా, చెక్కినట్టు పడ్డాయి. పక్కన భార్య 'దరఖాస్తుదారు ఎడమచేతి బొటనవేలి ముద్ర' అని రాసి, తాను ఒక సాక్షిగా సంతకం చేసింది. రెండో సాక్షి నాలుక కొరుక్కుంటూ, ఒత్తుతో సహా, తన పేరు పూర్తి చేశాడు.

మూడింటికి పది నిమిషాలుండగా గుమస్తా కాగితం తీసుకుని 'స్వీకరించడమైనది' అని ముద్ర కొట్టి, రసీదు చేతికిచ్చింది. "ఇక దిగులు లేదు బాబాయిగారూ, గడువులోనే వచ్చింది. వారంలో లైసెన్సు తీసుకుపోండి." ఆ ముద్ర కూడా ఆయన చెక్కిందే. అందులో ఏ అక్షరమూ ఒరగలేదు.

మెట్లు దిగుతూ ఆయన బొటనవేలిని పంచెకు తుడుచుకోబోయి, మానేసి, అలాగే ఉంచుకున్నాడు.

ఆ చేతి వణుకు తగ్గకున్నా ఇక పెరగకుండుగాక! ఆ ఇల్లాలి చూపు చివరిదాకా అక్షరానికి ఆనుగాక! ఆరడుగుల ఆ కొట్టు తలుపు ఏటేటా వేళకు తెరుచుకొనుగాక! ఆ ఇంట పొయ్యి చల్లారకుండుగాక!