తల్లి వచ్చినందున వేరే గది

మా బడిలో సెలవుచీటీ రాయడం ఒక్కటే శ్రద్ధగా నేర్పారు. "జ్వరము వచ్చినందున రెండు దినములు సెలవు ఇప్పించ ప్రార్థన." జ్వరం లేనివాళ్లమే దాన్ని ఎక్కువగా రాశాం, బాగా కూడా రాశాం. నాకున్న చిన్న ఫిర్యాదు ఏమిటంటే, పోనివ్వండి అని అడగడం నేర్పినవాళ్లు ఉండనివ్వండి అని అడగడం నేర్పలేదు. వ్యాకరణంలో రెంటికీ పెద్ద తేడా లేదు. అడిగించుకునేవాళ్లలో ఉంది.

అప్పుడు నేను ఖమ్మంలో డిగ్రీ రెండో ఏడు. మిర్చి సీజను. యార్డు వైపు నుంచి గాలి తిరిగిందంటే లెక్చరరుతో సహా క్లాసంతా తుమ్మేది. అందుకని ఒళ్లు కాలడాన్నీ కళ్లు మండడాన్నీ మొదట మిరపకాయల మీదికే నెట్టాను. మర్నాటికి వీపు మీద నీటిపొక్కులు లేచాయి. మిరపకాయ మీద ఎంత గౌరవం ఉన్నా, అంత పని దానివల్ల కాదు.

హాస్టలు గదిలో నాతో ఉండేవాడిది భద్రాచలం అవతల అడవిలో ఒక గూడెం. నా వీపు చూసి రెండడుగులు వెనక్కి వేసి, చేతులు జోడించాడు. మా ఇంట్లో ఎవరూ నాకెప్పుడూ అంత మర్యాద ఇవ్వలేదు. అది నాకు కాదని తర్వాత తెలిసింది. వాడికి చిన్నప్పుడే ఒకసారి అమ్మవారు పోసిందట, అందుకని మళ్లీ రాదన్న ధైర్యంతో నన్ను దవాఖానాకు తీసుకుపోయాడు.

డాక్టరు దూరం నుంచే చూసి చికెన్‌పాక్స్ అన్నాడు. జ్వరానికి మాత్రలు, దురదకు పూసుకునే గులాబీరంగు మందు ఇచ్చాడు. పొక్కులన్నీ ఎండి పెచ్చులు కట్టేదాకా వేరే గదిలో ఉండాలి, కంచం గ్లాసు వేరుగా పెట్టుకోవాలి, నలుగురిలో తిరగకూడదు అన్నాడు. చివర్లో అడిగాడు: "ఇంట్ల కడుపుతోటి ఉన్నోళ్లు ఎవరన్న ఉన్నరా?"

ఉంది. మా అక్క పురిటికి మా ఊరు పినపాక వచ్చి ఉంది. నెలలు నిండాయి.

"అయితే ఇంటి మొఖం చూడకు," అన్నాడు డాక్టరు. "ఇప్పుడు ఆమెకు అంటితే పుట్టే బిడ్డకే ముప్పు." అదే మాట చీటీ మీద కూడా రాసిచ్చాడు.

ఇక మిగిలింది వార్డెనుకు అర్జీ. నా కళ్లు మండుతున్నాయి కనుక నేను చెప్పాను, గదివాడు రాశాడు. నేను చికెన్‌పాక్స్ అన్నాను. వాడు పెన్ను పైకెత్తాడు.

"పేరు పెట్టి అనద్దుర. కోపమొస్తది."

"ఎవరికి?"

"నీకు తెల్వదు. పండుకో."

నేను పడుకున్నాను. వాడు రాసి పట్టుకెళ్లింది ఇది: "గౌరవనీయులైన వార్డెను గారికి. మా గదికి తల్లి వచ్చినందున వేరే గది, వేరుగా భోజనము ఇప్పించ ప్రార్థన."

వార్డెను లెక్కల లెక్చరరు. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన మనిషి. మెస్సులో పనివాడితో కాగితం తిప్పి పంపాడు. వెనకవైపు ఎర్ర సిరాతో ఇలా ఉంది: "తల్లిగారిని హాస్టలులో ఉంచుట కుదరదు. వరండాలో కూర్చోబెట్టి మాట్లాడి, సాయంత్రం బస్సుకు పంపించవలెను."

నోట్లో కూడా పొక్కులున్నప్పుడు నవ్వడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. గదివాణ్ని మళ్లీ పంపాను. అక్కడ జరిగిన సంభాషణ వాడు తిరిగొచ్చి అప్పగించాడు.

"తల్లి అంటె ఆ తల్లి కాదు సార్."

"మరే తల్లయ్యా? సవతి తల్లా?"

"పోసే తల్లి సార్."

"ఏం పోస్తుందీ?"

"ఒళ్లంత పొక్కులు సార్."

వార్డెను తాను ముట్టుకున్న కాగితాన్ని గుర్తు చేసుకుని చేతులు కడుక్కోవడానికి లేచాడట. కడుక్కుంటూనే ఉత్తర్వు ఇచ్చాడు: పెట్టె సర్దుకుని సాయంత్రం బస్సుకు ఇంటికి పోవాలి. బస్సు మారలేదు. ప్రయాణికుడు మారాడు, అంతే.

రెండో అర్జీ నేనే రాశాను. వంకరటింకరగా వచ్చింది గానీ అందులో ప్రార్థన అన్న మాట లేదు. "సార్, నేను పోను. మా అక్కకు నెలలు నిండినవి. బస్సులో ఎక్కేవాళ్లకు కూడా అక్కలుంటారు. పెరట్లో పాత స్టోరు గది ఖాళీగా ఉన్నది. డాక్టరు చీటీ జతచేశాను." జవాబు రాలేదు. సాయంత్రం బస్సు నేను లేకుండానే పోయింది.

ఈలోగా సంగతి వంటాయనకు తెలిసింది. ముఖం మీద మచ్చలున్న పెద్దమనిషి. తల్లి ఈయనను ఎప్పుడో చూసి వెళ్లిందని చెప్పకనే తెలిసేది. ఆయన గరిటె కింద పెట్టి చెప్పేశాడు: "తల్లి ఉన్న ఇంట్ల పోపు పెట్టుడు ఉండదు. నూనె సుర్రుమంటె ఆమెకు పడది."

"ఎన్ని రోజులు తాతా?" అడిగారు పిల్లలు.

"ఆమె పోయిందాంక."

ఆ పూట హాస్టలు మొత్తానికి పోపు లేని పప్పు, పోపు లేని చారు. అప్పటిదాకా నా రోగాన్ని ఎవరూ పట్టించుకోలేదు. అంటుకుంటుందంటే జంకనివాళ్లు పప్పు చూసి జంకారు. అన్నాలు కాగానే నా తలుపు ముందు సభ పెట్టారు.

"ఏందిర బయ్, నీ ఒక్కనికోసం మేమందరం గడ్డి తినాల్నా? ఇంటికి పో!"

"పోను."

"ఏం, నువ్వేమన్న నిజాం నవాబువా?"

"కాదు. కని ఇంట్ల తల్లి ఉన్నది. జర మెల్లగ మాట్లాడుర్రి."

నిజంగానే గొంతులు తగ్గాయి. గదివాడు మాత్రం, అట్లాంటి వాటితో పరాచికాలేంది అన్నట్టు నన్ను గుర్రుగా చూశాడు.

పొద్దున్నే వార్డెను వచ్చాడు. పెరట్లో, నా కిటికీకి క్రికెట్టు ఆడుకునేంత దూరంలో, ముక్కుకు రుమాలు పెట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ పిల్లలు.

"ఇంటికెళ్లమంటే వెళ్లవేంటయ్యా? ఇక్కడ నీకు సేవలెవరు చేస్తారు? రేపు ఇంకో పదిమందికి అంటితే?"

"అంటేది ఉంటె మొన్ననే అంటి ఉంటది సార్. పొక్కులు రాకముందే అంటుతదని డాక్టరు చెప్పిండు. నేను అందర్ల కలిసి తిన్న. ఇప్పుడు పంపిస్తె కొత్తగ అంటేది మా అక్కకే."

"రూల్సు ఒప్పుకోవు."

రూల్సుతో నేను గెలవలేను. వంటాయన వంటింటి గుమ్మంలో కనిపించాడు. కిటికీలోంచి అరిచాను: "తాతా, ఆ స్టోరు గది ఈ ఇంట్లకే వస్తదా?"

ఆయన తల తిప్పి గదిని చూశాడు. తొందరపడలేదు.

"దాని కప్పు వేరే, దాని గడప వేరే. వేరే ఇల్లే."

"మరి నేను అండ్ల ఉంటె?"

"అండ్ల నీకు పోపు లేకుంట వేరే గిన్నెల వండి పెడ్త. ఇక్కడోళ్లకు పోపు పెడ్త. తప్పు లేదు."

వార్డెను అనుమతి ఇచ్చినట్టు నాకు జ్ఞాపకం లేదు. ఇవ్వడానికి వ్యవధి కూడా లేకపోయింది. నిన్న పొమ్మన్నవాళ్లే స్టోరులోని విరిగిన మంచాలు బయటికి లాగుతున్నారు, ఒకడు నేల ఊడుస్తున్నాడు, ఇంకొకడు ఎవరూ చెప్పకుండానే వేపమండలు తెచ్చి గడపకు కట్టాడు. అన్నం గడప బయట పెట్టి పిలవాలని, నా కంచం వేడినీళ్లతో నేనే కడుక్కోవాలని, లోపలికి గదివాడూ వంటాయనా తప్ప ఎవరూ రాకూడదని వాళ్లలో వాళ్లే తీర్మానించుకున్నారు. డాక్టరు చెప్పిందీ అదే. కాకపోతే డాక్టరు మాట ఎవరూ వినలేదు, పోపు మాట విన్నారు.

దుప్పటి కప్పుకుని పెరడు దాటుతుంటే జనం దారి ఇచ్చారు. గెలిచిన మొహం పెట్టుకుని నడిచాను. మొహమంతా పొక్కులు కనుక అది ఎంతవరకు కనిపించిందో తెలియదు.

స్టోరు గదికి తీసిన తాళం కప్ప వార్డెను చేతిలోనే ఉంది. దాన్ని నా గడప ముందుకు విసిరాడు. డాక్టరు చీటీని నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో భద్రంగా పెట్టుకున్నాడు. రుమాలు తీసి నా వైపు చూశాడు.

"నువ్వు బతికితే నీ గొప్ప. చస్తే పోయేది నా ఉద్యోగం."