ఆరు సెకన్ల ఊపు

మా కోయిలకుంట్ల వైపు నీళ్ళంటే బోరు, బిందె, ట్యాంకరు. అక్కడ పుట్టిన నేను కర్నూలు దగ్గర ఇంజనీరింగ్ కాలేజీలో పడవల లెక్కలు చెప్తున్నానంటే మా అమ్మ పడి పడి నవ్వేది. నాకు ఈత కూడా రాదు. లెక్క వస్తే చాలనుకునేదాన్ని. పొగరు కాకపోతే ఏమిటి?

కల్లూరులో వెల్డింగ్ షెడ్డున్న ఒక పెద్దాయన, కృష్ణ వెనుక జలాల్లో జనాన్ని దాటించడానికి రెండంతస్తుల ఇనుప లాంచీ కట్టదలిచాడు. నేను చాచా అని పిలిచేదాన్ని. కట్టక ముందే నమూనా చేసి పరీక్షించమని నా దగ్గరికి వచ్చాడు.

పదహారు మీటర్ల లాంచీకి ఒక మీటరు నమూనా. అలలు, ఊపు సరిగ్గా తేలాలంటే వేగాన్ని పొడవుతో ముడిపెట్టే ఫ్రూడ్ సంఖ్య రెండింటికీ ఒకటే ఉండాలి. అలా చేస్తే పొడవు పదహారో వంతైనప్పుడు కాలం నాలుగో వంతు అవుతుంది, బరువు నాలుగువేల తొంభై ఆరో వంతు అవుతుంది. నిండు లాంచీ నలభై ఒక్క టన్నులు కాబట్టి నమూనా పది కిలోలు. డెబ్బై మంది జనానికి బదులు కిలో పైచిలుకు సీసపు గుళ్ళు తూచి నమూనా అడుగున పరిచాను. ల్యాబ్ తొట్టిలో ఒక పక్కకి నొక్కి వదిలితే సెకనులో అటు ఊగి ఇటు వచ్చింది. అంటే అసలు లాంచీకి నాలుగు సెకన్లు. బాగుందని రాసి సంతకం పెట్టాను.

జనంతో తొలి ప్రయాణం రోజు నన్నూ రమ్మన్నాడు. ఎండ మండిపోతోంది. కింద ఉక్కగా ఉందని డెబ్బై మందీ మెట్లెక్కి పైకి పోయారు. చాచా భార్య, కోడళ్ళు, చుట్టాలు, ఊరివాళ్ళు. ఇచ్చిన లైఫ్ జాకెట్లు చెమట పోస్తోందని విప్పేశారు.

నడినీళ్ళలోకి వచ్చాక లాంచీ మెల్లగా ఊగడం మొదలుపెట్టింది.

"ఉయ్యాల మాదిరి ఉండాది చూడు! ఒళ్ళు అలవకుండా పోతాండాది," అని ఒకామె మురిసిపోయింది.

నాకు మాత్రం ఆ నిదానం నచ్చలేదు. ఫోన్‌లో గడియారం పెట్టి పది ఊపులు లెక్కేశాను. అరవై సెకన్లు. నమ్మలేక మళ్ళీ లెక్కేశాను. ఒక్కో ఊపుకి ఆరు సెకన్లే. నాలుగు రావలసింది ఆరొస్తే, పడవ తిరిగి నిటారుగా లేచే బలం సగానికి పైగా పోయినట్టు. జనానికి హాయిగా ఉన్న ఆ నిదానమే నన్ను చంపేస్తోంది.

అప్పుడు వెలిగింది. నేను జనం బరువు తూచాను కానీ, జనం నిలబడే ఎత్తు తూచలేదు. డెబ్బై మందినీ అడుగున పడుకోబెట్టి పరీక్ష చేశాను. ఏదైనా చూడడానికి వీళ్ళంతా ఒక పక్కకి పరిగెత్తితే?

మెల్లగా కిందికి దిగి, ఇంజను దగ్గరున్న చాచా చెవిలో చెప్పాను. "చాచా, పైన జనం ఉంటే పడవ బోల్తా పడొచ్చు. దించాలి. కానీ ఎవరూ తొందరపడకూడదు, ఒక పక్కకి పోకూడదు."

ఆయన నా ముఖం చూశాడు. ఇంజను నెమ్మది చేసి మెట్ల కింద నిలబడి, పెళ్ళివారిని పిలిచినట్టు గొంతెత్తాడు. "అందరూ యాడున్నోళ్ళు ఆడనే కూచోండప్పా! కింద మిఠాయి పంచుతాండా. నేను పిలిచినోళ్ళే రావాల. ముందు పెద్దోళ్ళు, ఈ పక్క ఒకరు, ఆ పక్క ఒకరు."

ఒక్కొక్కరే దిగుతుంటే నేను ఊపులు లెక్కపెడుతూనే ఉన్నాను. ఐదున్నర. ఐదు. చాచా భార్య చివరికి దిగింది, మోకాళ్ళ నొప్పులని తిట్టుకుంటూ. నాలుగు. నేను ఇనుప నేల మీద కూలబడి ఏడ్చాను. ఎండదెబ్బేమోనని ఎవరో నెత్తిన నీళ్ళు చల్లారు.

ఒడ్డుకి వచ్చాక చాచాకి నా తప్పంతా చెప్పాను. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది. లాంచీ వైపు చూసి, "పై అంతస్తు రేపే కోసేస్తా. అది నా పని," అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"ఇదే మాదిరి ఇంకెవరికన్నా చేసిచ్చినావామ్మా?"

చేసిచ్చాను. పోయిన ఏడాది, ఇంకో రేవులో తిరిగే రెండంతస్తుల లాంచీకి. అదే తొట్టి, అవే సీసపు గుళ్ళు, అదే సంతకం. ఆ యజమాని నంబరు వెతికి నొక్కాను. అవతల ఇంజను మోత, కేకలు, నవ్వులు.

"చెప్పండి మేడమ్! గట్టిగా చెప్పండి, ఈడ ఏమీ ఇనపడల్యా. ఈ పొద్దు పైన శానా మంది ఉండారు!"