మాత్ర ఆపిన స్పీకర్ రెండు

ఆఫీసులో ఆమెను అందరూ టకటకమ్మ అనేవారు. ఆమె వేళ్ళు కీబోర్డు మీద పడితే పక్క గదిలో వాళ్ళు వాన మొదలైందేమోనని కిటికీ వైపు చూసేవారు. ఫోన్‌లో రికార్డయిన మాటలను సాఫ్ట్‌వేర్ అక్షరాల్లోకి మార్చి ఇస్తే, ఆ పేజీల పేజీల మాటలను చదివి అరపేజీ సారాంశం రాయడం ఆమె పని. మిగతావాళ్ళు ఒకటి ముగించేసరికి ఆమె మూడు పంపేసి, కుర్చీ వెనక్కి వాల్చి చూసేది. ఆ చూపుకు తిరుగుండేది కాదు, తోడికోడలు వచ్చేదాకా.

తోడికోడల్ని ఆ ఉద్యోగంలో పెట్టించింది ఆమే. ఇంట్లో ఖాళీగా కూర్చుంటే అత్తగారి దగ్గర ఇంకా మంచి పేరు కొట్టేస్తుందని, నాలుగు రోజులు ఆఫీసులో చేస్తే ఎవరి సత్తా ఎంతో తేలిపోతుందని అనుకుంది. తీరా చూస్తే కొరివితో తల గోక్కున్నట్టయింది. చిన్నామె రాసేది నత్తనడకే. ఒక పేరా రాసి, మళ్ళీ మొదటికి వెళ్ళి, పెన్సిలు కొరుక్కుంటూ కూర్చునేది. కానీ ఆమె రాసిన కాగితం ఒక్కటీ వెనక్కి వచ్చేది కాదు. మేనేజరు అదే పట్టుకున్నాడు.

"మీ తోడికోడలుగారి పని చూశారా? ఒక్క ముక్క అదనంగా ఉండదు," అన్నాడు ఒకరోజు.

"నేను నేర్పిందే కదా సార్," అంది టకటకమ్మ నవ్వుతూ. ఆ నవ్వు పెదవుల దగ్గరే ఆగిపోయింది. ఆ రోజు టీలో చక్కెర తక్కువైందని టీ తెచ్చినవాడి మీద ఇంతెత్తున లేచింది.

ఇంట్లోనూ అదే వరస. అత్తగారి షుగరు చూసేది తను, సూది వేసేది తను, డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళేది తను. ఆదివారం పక్కన కూర్చుని కాసేపు కాళ్ళు నొక్కిందని, "నా చిన్నకోడలు బంగారం" అనిపించుకునేది మాత్రం చిన్నామె. చాకిరీ ఒకరిది, చప్పట్లు ఒకరివి అని మొగుడితో అంటే, "నీకు చప్పట్లు కూడా కావాలా?" అని నవ్వాడు. రెండు రోజులు అతనితో మాట్లాడలేదు.

అలాంటి రోజుల్లో ఆ ఫైలు వచ్చింది.

ముసలివాళ్ళను ఇంటికొచ్చి చూసుకునేందుకు నర్సులను పంపే ఒక సంస్థ పంపించింది. ఒక పెద్దాయనకు బీపీ మాత్ర ఎవరో ఆపేశారు. తర్వాత బీపీ ఎక్కువై ఆయన ఆస్పత్రి పాలయ్యాడు. ఆపింది నర్సా, ఇంట్లోవాళ్ళా అన్నది తేల్చడానికి ఒక కమిటీ కూర్చోబోతోంది. అంతకుముందు నర్సుకీ ఇంట్లోవాళ్ళకీ మధ్య జరిగిన ఫోన్ సంభాషణకు సారాంశం కావాలి. ఆడియో పంపలేదు, రాతప్రతి మాత్రమే ఇచ్చారు. అందులో పేర్లు లేవు. ఉన్నదల్లా స్పీకర్ 1, స్పీకర్ 2.

టకటకమ్మ ఒక్క గుక్కలో చదివేసింది.

స్పీకర్ 1: నిన్న ఎంత వేశారు?

స్పీకర్ 2: పొద్దున సగం వేశాను. రాత్రి చూస్తే తొంభై బై అరవై ఉంది, అందుకే మిగతా సగం ఆపేశాను.

స్పీకర్ 1: ఆపమని డాక్టరుగారు చెప్పారా?

స్పీకర్ 2: లేదండీ. నాన్నగారి మొహం చూసి భయమేసింది.

ఇంకేం కావాలి? అంకెలు గడగడా చెప్పేది నర్సు కాక ఇంకెవరు? అడిగేది ఇంట్లోవాళ్ళు. 'నాన్నగారు' అన్నంత మాత్రాన కూతురైపోతుందా, పెద్దవాళ్ళను చూసుకునే నర్సులు అలాగే పిలుస్తారు. టకటకా కొట్టేసింది: "డాక్టరు చెప్పకుండానే మాత్ర ఆపినట్టు నర్సు ఒప్పుకుంది."

బయటికి వెళ్ళే ప్రతి కాగితాన్నీ ఇంకొకరు చదవాలని నియమం. ఆ వారం వంతు తోడికోడలిది. మధ్యాహ్నానికల్లా ఆ వాక్యం పక్కన ఒక కామెంటు వచ్చి కూర్చుంది: "అక్కా, స్పీకర్ 2 నర్సు అని ఎలా తెలిసింది?"

టకటకమ్మ కుర్చీ తిప్పి, "అందులోనే ఉంది కదా. కళ్ళు పెట్టుకుని చదవలేదా?" అంది.

చిన్నామె తన కుర్చీ లాక్కుని వచ్చి పక్కన కూర్చుంది. "చదివానక్కా. నాలుగో పేజీలో స్పీకర్ 1, 'రేపు ఎనిమిదికి వస్తాను, అప్పటిదాకా ఏదీ మార్చకండి' అంటోంది. వచ్చేవాళ్ళు నర్సే కదా? ఆ తర్వాత, 'నేను మా ఆఫీసులో చెప్పాలి' అని కూడా ఉంది. స్పీకర్ 2 ఏమో, 'రాత్రి పక్క గదిలోనే పడుకున్నా' అంటోంది. తారుమారు అయిందేమో. నాకైతే స్పీకర్ 2 కూతురనిపిస్తోంది. ఇదుగో, మధ్యలో 'వద్దమ్మా, నాకేం వద్దు' అని ఉంది చూడు. అది స్పీకర్ 1 కింద పడింది గానీ, మాట మాత్రం పెద్దాయనది. కూతురితో అంటున్నాడు."

వింటుంటే టకటకమ్మకు అరికాలి మంట నెత్తికెక్కింది. పిల్ల చెప్పేది తప్పయితే ఇంత మండేది కాదు.

"రాత్రి ఉండే నర్సులు లేరా? వాళ్ళు పక్క గదిలో పడుకోరా?"

"ఉంటారక్కా. అందుకే తేల్చి చెప్పకూడదంటున్నా. పాపం, నర్సు ఉద్యోగం పోతుంది."

"సర్లే, నీ దయాగుణం ఇంటి దగ్గర చూపించు. ఇది నా ఫైలు." కామెంటును 'చూశాను' అని మూసేసి, కాగితాన్ని మేనేజరు ఫోల్డరులో పడేసింది. ఆయన పొద్దున్నే వచ్చి పంపిస్తాడు. చిన్నామె కుర్చీ ఈడ్చుకుంటూ వెళ్ళిపోయింది. తిరిగి ఒక్క మాటయినా అని ఉంటే బాగుండేదని, అప్పుడు తనకు కోపం తెచ్చుకోవడానికి హక్కుండేదని టకటకమ్మకు అనిపించింది.

సాయంత్రం ఇంటికి వెళ్ళేసరికి క్లినిక్ నుంచి ఫోను. అత్తగారి సంగతులు కనుక్కోవడానికి కాంపౌండరు చేశాడు.

"పొద్దున ఎంతుందమ్మా?"

"పరగడుపున డెబ్భై రెండు. కళ్ళు తిరుగుతున్నాయన్నారు. అందుకే సూది రెండు యూనిట్లు తగ్గించి వేశాను. ఆఫీసుకు బయల్దేరేముందు మళ్ళీ చూస్తే నూట నలభై."

"తగ్గించమని డాక్టరుగారు చెప్పారా?"

"లేదండీ, ఆయన ఫోను ఎత్తలేదు. నాకే భయమేసి..."

డాక్టరుతో మాట్లాడి మళ్ళీ చేస్తానని, అప్పటిదాకా ఏమీ మార్చొద్దని చెప్పి కాంపౌండరు పెట్టేశాడు. సోఫాలో పేపరు చదువుతున్న మొగుడు తలెత్తి, "ఎవరైనా వింటే నువ్వే డాక్టరమ్మవి, వాడే కోడలు అనుకుంటారు," అన్నాడు.

ఆమె గోడకు ఆనుకుని ఆలోచనలో పడింది. ఎవరు అడుగుతున్నారు, ఎవరు చెబుతున్నారు అన్నది చూసి మనిషిని పోల్చేశాను. ఇంట్లో రోగిని చూసుకునేవాళ్ళకి అంకెలు ఎంత కంఠతా వస్తాయో నాకంటే ఎవరికి తెలుసు? ఆ పిల్ల ఏనాడూ సూది పట్టలేదు. అయినా దానికి తట్టింది, నాకు తట్టలేదు. అన్నిటికంటే ఆ ఆలోచనే ఎక్కువ పొడిచింది.

భోజనాల దగ్గర అత్తగారు మరిదిని పక్కన కూర్చోబెట్టుకుని బతిమాలుతోంది. "ఇంకొంచెం పెట్టుకోమ్మా. చిక్కిపోయావమ్మా." మరిదికి బట్టతల వచ్చి, పొట్ట బల్లకు తగులుతోంది. మామూలుగా టకటకమ్మ ఈ ముద్దులు చూసి మూతి తిప్పుకునేది. ఇప్పుడు మాత్రం చేతిలో ముద్ద పట్టుకుని అత్తగారి నోటి వైపే చూసింది. 'అమ్మా'! ఇంత మగవాణ్ణి పట్టుకుని 'అమ్మా' అంటోంది. మరి ఆ పెద్దాయన 'వద్దమ్మా' అన్నది కూతురితోనే అని ఎవరు చెప్పగలరు? 'ఆపేశాను', 'పడుకున్నా' అన్నది ఆడో మగో మన భాషలో తెలియదు. బల్లకు అటువైపు కూర్చున్న తోడికోడల్ని చూసి, ఆమె ఈ ఇంటికి వచ్చాక మొదటిసారి మనస్ఫూర్తిగా నవ్వింది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. తిను."

మర్నాడు మేనేజరు కంటే ముందే ఆఫీసుకు చేరి, ఆ కాగితాన్ని వెనక్కి తీసుకుంది. రాతప్రతిని ఈసారి నెమ్మదిగా, పెన్సిలు పట్టుకుని చదివింది. పెన్సిలు ఎప్పుడు నోట్లోకి వెళ్ళిందో చూసుకుని విసుగ్గా బల్ల మీద పడేసింది. 'నర్సు ఒప్పుకుంది' అన్నది కొట్టేసి, సారాంశమంతా స్పీకర్ 1, స్పీకర్ 2 అనే రాసింది. పైన ఒక గమనిక పెట్టింది:

"రాతప్రతిలో పేర్లు లేవు. స్పీకర్ 1 బహుశా ఇంటికి వచ్చి చూసే నర్సు. ఆధారాలు: 'రేపు ఎనిమిదికి వస్తాను', 'మా ఆఫీసులో చెప్పాలి'. స్పీకర్ 2 బహుశా పెద్దాయనతో ఉంటున్న కుటుంబసభ్యులు. ఆడవారో మగవారో మాటలను బట్టి తెలియదు. 'నాన్నగారు' అని ఇద్దరూ అన్నారు కాబట్టి దాన్ని ఆధారంగా తీసుకోలేదు. మాత్ర ఆపినట్టు చెప్పింది స్పీకర్ 2. ఒకచోట స్పీకర్ 1 కింద వచ్చిన 'వద్దమ్మా' మూడో మనిషి మాట కావచ్చు. నిర్ణయం తీసుకునేముందు ఆడియో విని సరిచూసుకోవలసిందిగా మనవి."

ఆ వారంలోనే జవాబు వచ్చింది. మేనేజరు అందరినీ పిలిచి చదివాడు. కమిటీ ఆడియో తెప్పించుకుని విన్నదట. స్పీకర్ 1 నర్సే. స్పీకర్ 2 పెద్దాయన కొడుకు. ఆయనే మాత్ర ఆపాడు. దూరంగా ఉన్న బంధువులెవరో నర్సు మీద ఫిర్యాదు చేస్తే, కొడుకు పాపం భయపడి నోరు మెదపలేదు. తండ్రి కోలుకుంటున్నాడు. నర్సు మళ్ళీ ఆ ఇంటికే పనికి వెళుతోంది.

"ఇంత జాగ్రత్తగా రాసింది మీరే కదూ?" అన్నాడు మేనేజరు. చాలా కాలం తర్వాత ఆ మెప్పు తన వైపు తిరిగింది. ఔనంటే సరిపోయేది. చిన్నామె కూడా తన మాటే ఎత్తకుండా, చేతులు కట్టుకుని నిజంగా సంతోషంగా చూస్తోంది. టకటకమ్మ భరించలేకపోయింది.

"మొదట నేను తారుమారుగా రాశాను సార్. పట్టుకుంది మా తోడికోడలు," అంది. ఆ ముక్క పన్ను పీకించుకున్నట్టు బయటికొచ్చింది. అందరూ చిన్నామె వైపు తిరిగి చప్పట్లు కొట్టారు.

"కానీ," అంది వెంటనే, చప్పట్లు ఆగకముందే, "కూతురంది. కూతురు కాదు. కొడుకు."

చిన్నామె పగలబడి నవ్వింది. "అవునక్కా! 'వద్దమ్మా' చూసి పప్పులో కాలేశాను. చాకిరీ చేసేది ఆడదే అయ్యుంటుందని నేనే అనేసుకున్నా. నీకెలా తట్టిందక్కా?"

తప్పు తనదని అందరి ముందూ చెప్పుకుంటూ కూడా ఎంత హాయిగా నవ్వుతోందో. ఒక్క చెమట చుక్క లేదు. టకటకమ్మకు మళ్ళీ ఆ పాత మంట మొదలైంది.

"మీ ఆయన్ని అత్తగారు ఏమని పిలుస్తుందో వినలేదా?" అని మాత్రం అని, తన కుర్చీ దగ్గరికి వెళ్ళి, తర్వాతి ఫైలు తెరిచింది. వేళ్ళు కీబోర్డు మీద పెట్టి, ఒక క్షణం ఆగి, మొదటి పేజీ మళ్ళీ చదవసాగింది.