బుష్రాకు కొత్త ఆట

గోదావరిఖని బస్సులో నా పక్క సీటు గులాం అలీ ఫోనులో ఆట ఆడుతున్నాడు. రిటైరైన గని సర్దార్. కూలీలకన్నా ముందు గనిలోకి దిగి, కూలుతుందేమోనని పైకప్పు తట్టి చూసిన మనిషి. ఐదేళ్ల మనవరాలు బుష్రాకు ఇచ్చే ఆటనూ తానే ముందు చూస్తున్నాడట. పాతది, గుంతలో పడ్డప్పుడల్లా మొదటికి పంపి, పిల్లను ఏడిపించిందట.

బీరువాలకొద్దీ పుస్తకాలు చదివిన నేను ఊరుకుంటానా? గొప్ప కథ ఉన్న ఆట ఒకటి పెట్టించాను. తెర నిండా అక్షరాలొస్తే గొంతు సవరించుకుని చదివి వినిపించాను.

"మంచిగ చదివినవ్ అన్నా. బుష్రాకు చదువరాదు. రోజు ఇంటికొచ్చి చదువుతవా?" అని తీసేశాడు.

ఇంకోటి పెట్టి నాకిచ్చాడు. నడవడం, దుమకడం, అంతే. ఒకే గుంతలో తొమ్మిదిసార్లు పడ్డాను. ప్రతిసారీ దాని అంచునే నిలబెట్టింది. పదోసారి దాటాను.

"నీకొచ్చిందంటే బుష్రాకొస్తది."

ఇంకో గుంత ముందు నేనుండగానే ఫోను లాక్కుని, చౌరస్తాలో దిగి, వెనక్కి చూడకుండా వెళ్లిపోయాడు.