సుందరరాజు మిషనుకు దొరికిన గడువు

ఆ రోజుల్లో ఆళ్లగడ్డలో ఇంగ్లీషు ఉత్తరం రాయాలంటే ఇద్దరమే దిక్కు. ఒకరు తాసిల్దారు కచేరీ హెడ్డు గుమాస్తా, రెండోవాణ్ణి నేను. ఆయన బి.ఏ. నేను నంద్యాల హైస్కూల్లో ఫోర్తు ఫారం దాకా వెళ్లి, ఇక అక్కడ నేర్పేది ఏమీ లేదని తేల్చుకుని వచ్చేసినవాణ్ణి. నా అర్జీ చదివి ఒక కలెక్టరు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడని చెబితే ఇప్పుడెవరూ నమ్మరు. సుందరరాజు మాత్రం నమ్మేవాడు. నమ్మకం అతని జబ్బు.

సుందరరాజుది వేరుశనగ కాయలు వలిచే మిషను. క్రైస్తవుల మిషన్ బళ్లో అయ్యవారి కొడుకు. బడి కన్నా ఇంజను నయమని చిన్నప్పుడే మెకానిక్కుల వెంట తిరిగాడు. యాభైమూడులో నంద్యాల బ్యాంకులో ఎనిమిది వేలు అప్పు తీసి ఆయిల్ ఇంజను, వలుపు యంత్రం తెచ్చి ఊరి చివర రేకుల షెడ్డులో బిగించాడు. ఇల్లు తాకట్టు, యంత్రం తాకట్టు, మామ మత్తయి జామీను. ఆ ఇంజను మొదలుపెట్టిన రోజు చప్పుడుకు అహోబిలం కొండ మీద నరసింహస్వామి ఇంకో స్తంభం చీలిందేమోనని తొంగి చూశాడని నేనే ఊరంతా చెప్పాను.

రైతులు బళ్ల మీద కాయలు తెచ్చేవాళ్లు, పప్పు పట్టుకుపోయేవాళ్లు. వలుపు కూలి అప్పటికప్పుడు ఇచ్చేవాళ్లు తక్కువ. సరుకు అమ్మినాక ఇస్తామని చెప్పి, తమ బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి సుందరరాజు అరచేతిలో పోసి, వేళ్లు మూసేవాళ్లు. ఆ షెడ్డులో అదే పత్రం, అదే సంతకం. పెద్ద భూములున్న శేషయ్య లాంటి రెడ్లు క్రైస్తవుల ఇంట మంచినీళ్లు ముట్టని కాలం అది. అలాంటివాళ్లు చెయ్యి పట్టుకుని కాయలు పోస్తుంటే సుందరరాజుకు కళ్లు మెరిసేవి. ఎవరి బాకీ ఎంతో అతనికి నోటికి వచ్చు, రైతుకూ వచ్చు. కాగితం లేదు.

రెండేళ్లు బండి నడిచింది. మొదట ధరలు పడ్డాయి, తర్వాత వరసగా రెండు పంట కార్లు వానలు ఎగ్గొట్టాయి. రైతు అమ్మిందేమీ లేదు గనుక కూలి బాకీలు అట్లాగే నిలిచాయి. బ్యాంకుకు మూడు నెలలకొకసారి కట్టవలసిన కంతులు తప్పాయి. యాభైఏడు వేసవిలో నోటీసు వచ్చింది: బాకీ మొత్తం కట్టకపోతే యంత్రం స్వాధీనం, ఆ తర్వాత ఇల్లు. అతని భార్య లూదియా ఆ కాగితాన్ని బైబిల్లో పెట్టి మూసింది, అందులో ఉంటే దాని కోరలు ఊడతాయన్నట్టు.

నా దగ్గరికి వచ్చాడు. నేను కలం విదిలించి, కరువు ఎంతటిదంటే కుందూ ఏట్లో చేపలు దుమ్ము దులుపుకుంటున్నాయని మొదలుపెట్టాను. చదివి వినిపిస్తే అతను నవ్వలేదు.

"ఉన్నది రాయి, అప్పా. ఉన్నదే శానా ఉంది," అన్నాడు.

ఉన్నదే రాశాను. ఎందుకు కట్టలేకపోయాడో రాశాను. ఇకపైన ఎట్లా కడతాడో రాశాను: పంట మూడు నెలలకొకసారి రాదు గనుక కంతులూ అట్లా రాకూడదు. ఇంతవరకు పేరిన వడ్డీ వచ్చే మాఘానికల్లా కట్టేస్తాడు. మిగిలిన అసలు ఐదేళ్లలో, ఏడాదికొక కంతు, కాయల రోజులు ముగిశాక. వడ్డీ మాత్రం ఆరునెలలకొకసారి. వెంట ఊళ్లో పంటలు పోయినట్టు కరణం ఇచ్చిన అడంగల్ నకళ్లు, శిస్తు తగ్గించినట్టు తాసిల్దారు కచేరీ ఎండార్సుమెంటు, రెండేళ్ల జమాఖర్చు, ఇంజను బీమా రసీదు. గడువు మారిస్తే పాత జామీను నిలవదని కచేరీ హెడ్డు గుమాస్తా చెబితే మత్తయి చేత కొత్తగా ఒప్పుకోలు రాయించాం.

బస్సెక్కి నంద్యాల పోయాం. బ్యాంకు ఏజెంటు, ఇప్పటి మాటలో మేనేజరు, కోస్తా మనిషి, మెత్తగా మాట్లాడేవాడు. ఉత్తరం రెండుసార్లు చదివాడు. నా ఇంగ్లీషుకు లేచి నిలబడలేదు గానీ, బాగుందన్నాడు. కాగితాలు ఒక్కొక్కటీ తిరగేసి చివరికి అడిగాడు.

"రైతులు మీకు బాకీ ఉన్నారని రాశారు. ఋజువేదండీ?"

సుందరరాజు అరచెయ్యి చూపబోయి ఆగిపోయాడు.

ఏజెంటు కోప్పడలేదు. మూడేళ్లు దాటితే ఆ బాకీలు కోర్టులో చెల్లవనీ, ఈలోగా ఒక్కొక్కరి చేత ఇంత ఇవ్వవలసి ఉన్నానని రాయించి సంతకమో వేలిముద్రో తెస్తే హెడ్డాఫీసుకు సిఫారసు చేస్తాననీ, అవి లేకుండా పంపితే అక్కడ బుట్టలో వేస్తారనీ చెప్పాడు. ఆ మాటలో తప్పేమీ లేదు. ఇప్పటికీ వెతుకుతున్నాను, దొరకలేదు.

మొదట శేషయ్య ఇంటికి వెళ్లాం. అరుగు కింద నిలబడి సుందరరాజు చాలాసేపు వాన గురించి మాట్లాడాడు. చివరికి కాగితం తీశాడు. బ్యాంకు అడిగిందని, తన నమ్మకానికి కాదని, ఇల్లు పోతుందని చెప్పాడు. శేషయ్య కాగితం తీసుకోలేదు. సుందరరాజు చేతివంక చూశాడు.

"నీ చేతిలో కాయలు పోసినా కదా రాజూ. అవి యాడ పాయ?"

"ఉండాయన్నా. బ్యాంకోళ్లకు అవి కనపడవు."

"నీకు కనపడితే సాలనుకున్యా," అని లోపలికి కేకేసి సిరా తెప్పించి, కొట్టివేసినట్టు సంతకం చేశాడు.

అందరూ చేశారు. ఒక్కరూ కాదనలేదు. ఒక్కరూ కూర్చోమనలేదు.

ఆ కాగితాలు వెళ్లాక రెండు నెలలకు హెడ్డాఫీసు ఒప్పుకుంది. అడిగినట్టే ఐదేళ్లు, అడిగినట్టే ఏడాదికొక కంతు. నేను ఆళ్లగడ్డ బజారంతా ఆ కవరు ఊపుకుంటూ తిరిగాను. ఢిల్లీలో మంత్రులు నా ఉత్తరం నకలు అడిగారని కూడా చెప్పాను.

ఆ ఏడు వానలు పడ్డాయి. కాయలు విరగకాశాయి. శేషయ్య అందరికన్నా ముందు వచ్చి బాకీ పైసలతో సహా లెక్కపెట్టి ఇచ్చి, తన కాగితం అడిగి తీసుకుని, అక్కడే నాలుగు ముక్కలు చేశాడు. మిగతావాళ్లూ అంతే. ఆ దుడ్లతో పేరిన వడ్డీ మాఘం రాకముందే తీరిపోయింది. ఏజెంటు మెచ్చుకుంటూ కార్డు రాశాడు.

బళ్లు మాత్రం షెడ్డు ముందునుంచి ఆగకుండా పోయాయి. బస్టాండు దగ్గర లక్ష్మీనారాయణ శెట్టి కొత్త మిషను పెట్టాడు. అందరూ అక్కడికే. సుందరరాజు వాకిట్లో నిలబడి బండి వచ్చినప్పుడల్లా పలకరించేవాడు. వాళ్లు మర్యాదగానే జవాబిచ్చేవాళ్లు, ఎద్దులను మాత్రం ఆపేవాళ్లు కారు. మా ఉత్తరంలో ప్రతి అంకె సరైనదే. బళ్లు వస్తాయన్నది ఒక్కటే అందులో రాయలేదు. రాయాలని మాకెవరికీ తోచలేదు.

మొదటి కంతు లూదియా కమ్మలు కట్టాయి. రెండోది కట్టలేదు. యాభైతొమ్మిదిలో బ్యాంకు యంత్రాన్ని వేలం వేస్తే లక్ష్మీనారాయణ శెట్టే పాడుకున్నాడు. వచ్చిన డబ్బు చాలక ఇల్లూ పోయింది. ఆ ఇంజను సంగతి తెలిసినవాడు ఇంకెవరూ లేరు గనుక శెట్టి సుందరరాజునే నెలజీతానికి పెట్టుకున్నాడు.

ఒకరోజు అక్కడికి వెళ్లాను. శేషయ్య కాయలు ఆడించుకుని శెట్టి బల్ల దగ్గర నిలబడి ఉన్నాడు. అక్కడ కూలి అప్పు పెట్టాలంటే బస్తా బస్తాకూ సంతకం చెయ్యాలి. శేషయ్య కిక్కురుమనకుండా చేశాడు. శెట్టి సిరా ఆరలేదని చూపిస్తే ఊది మరీ ఇచ్చాడు.

నాకు ఒళ్లు మండింది. ఇంజను దగ్గర నూనె గుడ్డతో చేతులు తుడుచుకుంటున్న సుందరరాజు దగ్గరికి పోయి, చూసినావా మీ రెడ్డిని అన్నాను.

"చూస్తానే ఉండా, దినామూ," అన్నాడు. "ఈ శెట్టికి వాళ్లు ఎప్పుడూ గుప్పెడు పోసింది లేదప్పా. నాకు పోసినారు."

ఇంజను గొంతు మారింది. అతను వంగి దాని పని చూసుకున్నాడు. నేను ఆ రోజు బజార్లో ఎవరికీ ఏమీ చెప్పలేదు.